తొమ్మిదేండ్ల సర్వీసు నాది, నిన్న మొన్న చేరినోడికి నాకంటే ఎక్కువ జీతం. ఏం చేయల్ల?

ల్యాబ్_సి_షిఫ్ట్
ఎర్రగుంట్ల సైడు ఒక సిమెంట్ ప్లాంట్‌లో క్వాలిటీ ల్యాబ్‌లో సీనియర్ కెమిస్ట్‌గా చేస్తాండా. 2016లో ట్రైనీగా 15 వేలకు చేరినా, ఇప్పుడు గ్రాస్ 28,500 వస్తాండాది. పోయిన నెల బయట నుంచి ఒకాయన వచ్చినాడు, నాలుగేండ్ల ఎక్స్‌పీరియెన్స్, అదే సీనియర్ కెమిస్ట్ పోస్టు. పీఎఫ్ ఫారం 11 ఎట్ల నింపల్లన్నా అని ఆఫర్ లెటర్ పట్టుకొని నా దగ్గరికే వచ్చినాడు. చూస్తే ప్యాకేజీ 4.8 లక్షలు, అంటే నెలకు 40 వేలు. 11,500 తేడా! మా క్వారీలో ఏ ఫేస్ నుంచి రాయి వస్తే సిలికా ఎక్కువ వస్తుందో, అప్పుడు రా మిక్స్ ఎట్ల సర్దల్లో ఆయనకు నేర్పిస్తాండేది నేనే. మొన్న నైట్‌లో క్లింకర్ లీటర్ వెయిట్ తగ్గినా సరే పట్టించుకోకుండా ఫ్రీ లైమ్ టైట్రేషన్ రిజల్ట్ కోసం కూర్చున్నాడు, నేను ముందే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ కొట్టి చెప్పబట్టి సరిపోయింది. ఆయన మంచోడే, ఆయన మీద కోపం లేదు. ఇప్పుడు నేను హెచ్చార్ దగ్గరికి పోయి ఏమని అడగల్ల? ఆ 40 వేలు నాకూ ఇయ్యమంటే ఇస్తారా?

తాడిపత్రి_తమ్ముడు
ఫారం 11 ఫీజు అని 11,500 అడుగన్నా 😄

న్యాయం_కావాల
ఇందులో అడిగేదేముంది. సమాన పనికి సమాన వేతనం అని సుప్రీంకోర్టు 2016లోనే తీర్పు ఇచ్చింది. లాయర్‌తో నోటీసు పంపించు, దెబ్బకు దిగొస్తారు.

కొండారెడ్డి_బురుజు
నేను కర్నూల్లో టీచర్‌ని. మా డిపార్ట్‌మెంట్‌లో ఇది మామూలే, దీనికి స్టెప్పింగ్ అప్ అని ఉంది కదా. జూనియర్‌కు సీనియర్ కంటే ఎక్కువ బేసిక్ వస్తే ఆ తేదీ నుంచి సీనియర్ బేసిక్ కూడా పెంచి ఫిక్స్ చేస్తారు. నాకూ ప్రమోషన్ అయినప్పుడు ఇట్లే వచ్చింది, నా తర్వాత ప్రమోషన్ తీసుకున్నాయన ఫిక్సేషన్‌లో ఒక ఇంక్రిమెంట్ ముందుకు పోయినాడు. ఇద్దరి సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్‌లు, పే ఫిక్సేషన్ స్టేట్‌మెంట్‌లు పెట్టి జీతాల బిల్లులు చేసే ఆఫీసర్, అదే డీడీఓకు అప్లికేషన్ ఇచ్చినా, ఆబ్జెక్షన్లు వేసి వేసి ఆఖరికి ఏరియర్స్‌తో సహా శాంక్షన్ చేసినారు. మీరు కూడా మీ డీడీఓకు అప్లికేషన్ పెట్టండి.

తాడిపత్రి_తమ్ముడు
సార్, సిమెంట్ ఫ్యాక్టరీలో డీడీఓ యాడుంటాడు సార్

సీమ_హెచ్చార్
అనంతపురం దగ్గర ఒక ఆటో పార్ట్స్ ఫ్యాక్టరీలో హెచ్చార్‌లో ఉన్నా. @న్యాయం_కావాల, ఆ 2016 తీర్పు పంజాబ్ ప్రభుత్వంలో పని చేసే టెంపరరీ ఉద్యోగుల గురించి. అంతకుముందు 1982 కేసు ఢిల్లీ పోలీసుల్లో ఒక డ్రైవర్‌ది. రెండిట్లోనూ అవతల ఉండేది సర్కారు. ప్రైవేట్ కంపెనీలో ఇద్దరు మగోళ్ల మధ్య తేడా ఉంది అని ఆ తీర్పు చూపిస్తే లేబర్ ఆఫీసులో టీ తాపించి పంపిస్తారు. ఆడవాళ్లకు మగవాళ్లకు ఒకే పనికి వేరే జీతం ఇస్తే అది వేరే, దానికి చట్టం ఉంది.

@ల్యాబ్_సి_షిఫ్ట్, ముందు ఒకటి చెప్పు తమ్ముడూ. ఆయన 40 వేలు సీటీసీ, అంటే ఆయన మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, నీ 28,500 గ్రాస్. రెండూ ఒకటి కాదు. ఆయన లెటర్‌లో యానెక్షర్ ఉంటుంది చూడు, దాంట్లో బేసిక్ ఎంత, వేరియబుల్ ఎంత, కంపెనీ పీఎఫ్ ఎంత? నీ 28,500లో షిఫ్ట్ అలవెన్స్ కలిసిందా?

న్యాయం_కావాల
మేడమ్, హెచ్చార్ వాళ్లు అట్లే అంటారులెండి. నోటీసు పోతే భయం ఐతే ఉంటుంది కదా.

సీమ_హెచ్చార్
ఉంటుంది. భయంతో ఆ ఏడాది ఇంక్రిమెంట్ కూడా ఆపుతారు.

ల్యాబ్_సి_షిఫ్ట్
ఆయన్నే అడిగినా మేడమ్, చూపించినాడు. బేసిక్ 16 వేలు. నెల లెక్కన చూస్తే వేరియబుల్ 4,000, కంపెనీ పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 770, ఇన్సూరెన్స్ 430. ఇవన్నీ ఆ 40 వేలలోనే ఉండాయి. నా 28,500లో నైట్ షిఫ్ట్ అలవెన్స్ 1,500 ఉంది, అది ఆయనకు కూడా షిఫ్ట్ చేస్తే పైన వస్తుందంట. మాకు వేరియబుల్ లేదు.

సీమ_హెచ్చార్
చూసినావా. ఆ నాలుగూ కలిపితే 7 వేలు, తీసేస్తే ఆయన ఫిక్స్‌డ్ గ్రాస్ 33 వేలు. నీ షిఫ్ట్ అలవెన్స్ తీసేస్తే నీది 27 వేలు. అసలు తేడా 6 వేలు, 11,500 కాదు. నువ్వు పోయి 11,500 అని మొదలుపెట్టింటే మా లాంటోళ్లు ఆ ఒక్క తప్పు పట్టుకొని నీ నోరు మూయించేవాళ్లు, మిగతాది వినేవాళ్లే కాదు. వేరియబుల్ సంగతి వేరేగా రాసుకో, అది వచ్చేదాకా వచ్చినట్టు కాదు.

6 వేలు కూడా చిన్నది కాదు. ఎట్ల వచ్చిందో చూడు. 15 నుంచి 27కు తొమ్మిదేండ్లలో వచ్చినావంటే ఏటా ఏడు శాతం లోపే. బయట కెమిస్ట్ రేటు అంతకంటే తొందరగా పెరిగింది, కంపెనీకి కొత్తోడు కావల్లంటే ఆ రోజు రేటు పెట్టక తప్పదు. పాతోడికి మాత్రం మార్కెట్‌తో పనిలేదు, నిన్నటి జీతం మీద పర్సెంటేజ్ అంతే. మా దగ్గర కూడా రిక్రూట్‌మెంట్ బడ్జెట్ ఒక చోట, ఇంక్రిమెంట్ బడ్జెట్ ఇంకో చోట ఉంటాయి, రెండూ ఒక టేబుల్ మీదికి ఎప్పుడూ రావు.

ఫిట్టర్_మామ
స్టాఫ్‌లో ఉండి ఏడుస్తాండారు. మా వేజ్ బోర్డు వాళ్లకు సెటిల్‌మెంట్ అయితే అందరికీ ఒకేసారి పెరుగుతుంది. మా షాపులో సీనియర్ ఫిట్టర్ ఓటీతో కలిపి ఫోర్‌మన్ కంటే ఎక్కువ తీసుకుంటాడు, ఫోర్‌మన్ ప్రమోషన్ ఇస్తామంటే ఎవురూ ముందుకు రారు 😀

ల్యాబ్_సి_షిఫ్ట్
మామా అది ఇంకో గొడవ, మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లది కూడా అదే బాధ. మేడమ్, ఈ సారి అప్రైజల్‌లో 15 శాతం అడుగుదామా? పోయినసారి 7 ఇచ్చినారు.

సీమ_హెచ్చార్
శాతం అడగొద్దు. లెక్క వేసి చూడు. ఇద్దరికీ 8 శాతం ఇచ్చినారనుకో, నీది 29,160, ఆయనది 35,640. తేడా 6,000 నుంచి 6,480 అయింది, తగ్గలే, పెరిగింది. సరే నీకు మాత్రమే 15, ఆయనకు 7 అనుకో. వచ్చే ఏడు 4,260 తేడా, ఆ పై ఏడు రెండు వేల పైన ఇంకా ఉంటుంది. మూడేండ్లు వరుసగా 15 ఇస్తే గాని నువ్వు ఆయన్ను దాటవు. ఏ మేనేజర్ ఒక మనిషికి మూడేండ్లు వరుసగా 15 రాయడు, రేటింగ్ కోటా ఒప్పుకోదు.

అందుకే అడగాల్సింది రూపాయల్లో, ఇంక్రిమెంట్‌తో సంబంధం లేకుండా. మేము దాన్ని కరెక్షన్ అంటాం. ఇంక్రిమెంట్ నీ పని బాగుందని ఇచ్చేది, కరెక్షన్ నీ జీతం ఆ పోస్టుకు తక్కువగా ఉందని సరిచేసేది. రెండూ కలిపి అడిగితే నీకు మామూలుగా వచ్చే 7ను పదో పదకొండో చేసి కరెక్షన్ అయిపోయింది అంటారు.

పెన్నా_ఒడ్డు
ఇంత లెక్కలెందుకప్పా. రిజైన్ చేసి పోవడమే. నేను ప్రొద్దుటూరోడిని, ఇట్లే ప్లాంట్‌లో ఉండి తాండూరు సైడుకు పోయినా, 40 శాతం హైక్. పాత కంపెనీ వాళ్లకు పేపర్ పెట్టిన రోజే ఆ 40 ఇస్తాం ఉండు అన్నారు. అంటే డబ్బులు ఉన్నాయి, ముందు అడిగితే లేవు, పేపర్ పెడితే ఉన్నాయి.

చిత్రావతి_పిల్ల
@పెన్నా_ఒడ్డు మరి పోయినాక అక్కడ ఎట్లుందన్నా నిజం చెప్పు

పెన్నా_ఒడ్డు
నిజమే చెప్తా. ఇంటి బాడుగ, పిల్లోళ్ల స్కూలు మార్చడం, ప్రొద్దుటూర్లో అమ్మానాయన ఉంటే నెలకు రెండు ట్రిప్పులు, ఇవన్నీ పోంగా 40 కాస్తా 20కి వచ్చింది. రెండేండ్లకు అక్కడ నా కింద చేరినోడికి నాకంటే ఎక్కువ ఇచ్చినారు 😂 అయినా పోయినందుకు బాధ లేదు.

సీమ_హెచ్చార్
రిజైన్ చేసి ఆపించుకోవడం గురించి మా ఫ్యాక్టరీలో చూసింది చెప్తా. పేపర్ పెట్టినోడికి పెంచి ఆపుతాం, నిజమే. కానీ ఆ రోజు నుంచే మేనేజర్ వాడి పని ఇంకొకడికి నేర్పించడం మొదలుపెడతాడు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకొని బెదిరించేది ఒక్కసారే, నిజంగా పోవడానికి సిద్ధంగా ఉంటేనే తీయల్ల. ఐదేండ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ మాత్రం యాడికీ పోదు, ఆ భయం వద్దు.

బేతంచర్ల_బండలు
ఓనర్ల వైపు కూడా ఎవరైనా మాట్లాడాల కదా. నాకు పాలిష్ యూనిట్ ఉంది. పోయిన ఎండాకాలం ఆర్డర్ మీద ఉన్నప్పుడు మెషిన్ ఆపరేటర్ మానేసినాడు, బయట నుంచి ఒకడ్ని నాలుగు వేలు ఎక్కువిచ్చి తెచ్చుకున్నా. తేకపోతే మెషిన్ ఆగుతుంది, రోజుకు ఎంత పోతాదో మీకు తెల్దు. మా పాతోళ్లు నలుగురూ వచ్చి నిలబడినారు. వాళ్లు చెప్పని సంగతి ఏందంటే ఒక్కొక్కడి దగ్గర నా అడ్వాన్స్ యాభై వేలు, అరవై వేలు ఉంది, వడ్డీ లేదు, కూతురి పెండ్లికి ఒకడు లక్ష తీసుకున్నాడు. కొత్తోడికి పైసా అడ్వాన్స్ లేదు. అది జీతంలో లెక్క కాదా?

ఫిట్టర్_మామ
అడ్వాన్స్ అంటే తిరిగి కట్టేది కదప్పా, జీతం ఎట్లయితది

బేతంచర్ల_బండలు
బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకో, అప్పుడు తెలుస్తాది. లక్షకు నెలకు రెండు వేలు. అయినా నేను ఏం చేసినానంటే అప్పుడే ప్రతి ఒక్కడికీ రెండు వేలు పెంచినా, ఉగాదికి ఇంకో రెండు అని చెప్పినా, ఇచ్చినా. ఒకేసారి నలుగురికీ నాలుగు నాలుగు అంటే నెలకు పదహారు వేలు, ఆ సీజన్‌లో నావల్ల కాదు.

సీమ_హెచ్చార్
ఈ అన్న చేసిందే పెద్ద కంపెనీలు కూడా చేస్తాయి, రెండు విడతలుగా. @ల్యాబ్_సి_షిఫ్ట్ నువ్వు కూడా రెండు విడతలకు ఒప్పుకుంటానని అడుగు, మేనేజర్‌కు పైకి పంపడానికి వీలుగా ఉంటుంది. రెండో విడత తేదీ మాత్రం లెటర్‌లో ఉండాల.

ఇంకొకటి. ఆయన్ను ప్రత్యేకంగా దేనికోసం తెచ్చుకున్నారో తెలుసుకున్నావా?

ల్యాబ్_సి_షిఫ్ట్
కిల్న్‌లో బొగ్గుతో పాటు చెత్త నుంచి చేసే ఆర్‌డీఎఫ్ ఫ్యూయల్, టైర్ ముక్కలు కాల్చడం మొదలుపెడతాండారు మేడమ్. ఆయన ముందు ఉన్న ప్లాంట్‌లో ఆ ఫ్యూయల్ టెస్టింగ్ చూసేవాడంట, బాంబ్ కేలరీమీటర్ మీద హీట్ వాల్యూ, క్లోరిన్ ఎంత ఉంది అని. క్లోరిన్ ఎక్కువైతే ప్రీహీటర్ సైక్లోన్‌లో కోటింగ్ పడి జామ్ అయితాది కాబట్టి అది ముఖ్యమే. నాకు బొగ్గు టెస్టింగ్ వచ్చు, ఇది చేయలే.

సీమ_హెచ్చార్
అయితే ఆ 6 వేలలో కొంత దానికి. ఎంత అని ఎవరూ తేల్చరు. నువ్వు "ఆయనకు నాకు ఒకే పని" అని రాస్తే వాళ్లు ఆర్‌డీఎఫ్ అంటారు, నీ కాగితం అక్కడే ఆగిపోతుంది.

కొండారెడ్డి_బురుజు
నేను అదే చెప్పబోతున్నా, అందరూ నా మాట తీసిపారేసినారు కానీ. మా స్టెప్పింగ్ అప్‌లో ఊరికే జూనియర్‌కు ఎక్కువ వస్తోంది అంటే ఇవ్వరు. ఇద్దరూ ఒకే కేటగిరీ అయ్యుండాల, ఒకే పోస్టుకు ప్రమోషన్ అయ్యుండాల, స్కేలు ఒకటే అయ్యుండాల, కింది పోస్టులో సీనియర్ జీతం జూనియర్ కంటే తక్కువ ఉండకూడదు, తేడా కేవలం ఫిక్సేషన్ రూలు వల్లనే వచ్చిందని చూపించాల. జూనియర్‌కు ముందే అడ్వాన్స్ ఇంక్రిమెంట్లు ఏవైనా ఉండి దానివల్ల ఎక్కువ వస్తుంటే కేసు నిలబడదు. ఆడిట్ వాళ్లు ఈ ఒక్కో దానికీ కాగితం అడుగుతారు.

సీమ_హెచ్చార్
సార్, ఇది బాగా చెప్పినారు, నిజంగా. ప్రైవేట్‌లో ఆ రూలు లేదు కానీ లెటర్ రాసే పద్ధతి అచ్చం అదే. తమ్ముడూ, ఆ వరసలోనే రాయి. పోస్టు పేరు ఒకటే, గ్రేడ్ ఒకటే, షిఫ్ట్ బాధ్యత ఒకటే అని ముందు. తర్వాత నువ్వు అదనంగా చేసేవి, అంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ టెస్టింగ్ మెషిన్ క్యాలిబ్రేషన్ ఎవరు చూస్తారు, కొత్తోళ్లకు ట్రైనింగ్ ఎవరిస్తారు, ఆడిట్ వచ్చినప్పుడు రికార్డులు ఎవరు చూపిస్తారు. ఆర్‌డీఎఫ్ టెస్టింగ్ వాళ్లు ఎత్తేలోపు నువ్వే ఎత్తు, దానికి ఆయనకు కొంత ఎక్కువ ఉండటం సబబే అని, నాకూ నేర్పిస్తే చేస్తానని.

చిత్రావతి_పిల్ల
కొత్తాయన పేరు, జీతం లెటర్‌లో రాయల్నా అక్కా?

సీమ_హెచ్చార్
అస్సలు రాయొద్దు. ఆయన నమ్మి చూపించిన కాగితం అది, లెటర్‌లో పెడితే ముందు ఆయన్ను పిలిచి ఎందుకు చూపించినావ్ అంటారు, అసలు సంగతి పక్కకు పోతుంది. బయట రేటు రాయాల. మీ సైడు ప్లాంట్‌లు సీనియర్ కెమిస్ట్ కోసం ఇచ్చే యాడ్‌లు, కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి చెప్పే అంకెలు ఒక మూడు నాలుగు రాసుకో.

ప్రతి గ్రేడ్‌కూ కంపెనీ దగ్గర ఒక కింది అంకె, పై అంకె ఉంటాయి, బయట పెట్టరు. మాట వరసకు నీ గ్రేడ్ 26 నుంచి 38 వేలు అనుకో, మధ్యది 32. కొత్తాయన 33తో మధ్య కంటే కొంచెం పైన చేరినాడు, తొమ్మిదేండ్లోడు నువ్వు 27తో అడుగున పడి ఉన్నావు. నీ కేసు ఇదే. ఆయనకెంత అనే మాట వద్దు, నేను నా గ్రేడ్‌లో అడుగున ఎందుకున్నా అని అడుగు. మధ్యకు తీసుకురండి, అంటే 5 వేలు, రెండు విడతలుగా.

కొత్తగా_చేరినోడు
నేను ఆ కొత్తోడి లాంటోడినే, వేరే కంపెనీ. నేను చేరి మూడు నెలలైంది, మా సీనియర్లు నాతో టీకి కూడా రావడం మానేసినారు. నాకేం తెలుసు వాళ్ల జీతం? ముందు కంపెనీలో నాకూ ఏడు శాతమే, అందుకే వచ్చినా. ఇక్కడ ప్రొబేషన్‌లో ఉన్నా, రేపు ఆర్డర్లు తగ్గితే ఫస్ట్ పోయేది నేనే. ఆ రిస్క్‌కు ఏం రేటు లేదా?

ఫిట్టర్_మామ
ఉంది తమ్ముడూ, ఉంది. టీకి రానోళ్లది తప్పు.

పెన్నా_ఒడ్డు
రిస్క్ అంటే ఉండిపోయినోడికి లేదా? తొమ్మిదేండ్లు ఒకే చోట ఉంటే బయట ఇంటర్వ్యూకు పోయినప్పుడు "ఇంతే జీతమా" అని చూస్తారు, కొత్త ఆఫర్ కూడా పాత జీతం మీదనే లెక్క కడతారు. నేను ముందే పోకుండా తప్పు చేస్తాండారు అంటాండేది అందుకే.

సీమ_హెచ్చార్
దాంట్లో నిజం ఉంది. పాత పేస్లిప్‌లు అడిగి దాని మీద 20, 30 శాతం అనే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు.

బేతంచర్ల_బండలు
మేడమ్, మీరు అందరికీ ఇట్ల లెటర్లు రాయడం నేర్పిస్తే మీ ఎండీ ఊరుకుంటాడా 😄

సీమ_హెచ్చార్
అందుకే మారుపేరు అన్నా 😄 కానీ మీ పాతోళ్లు నలుగురూ పోయి ఉంటే కొత్తోళ్లకు మళ్లీ నాలుగు వేలు ఎక్కువే పెట్టేవాళ్లు, పైగా వాళ్లు చేయి తిరిగేదాకా పగిలే బండలు వేరే.

న్యాయం_కావాల
సరే నోటీసు వద్దు. అందరూ కలిసి పోయి అడగొచ్చు కదా? ల్యాబ్‌లో ఇంకా పాతోళ్లు ఉంటారు కదా.

సీమ_హెచ్చార్
మంచి ప్రశ్న. దీనికి నా దగ్గర ఒకటే జవాబు లేదు. ఒక్కడే పోతే ఒక్కడికి సర్దడం సులభం, వాళ్లు చేస్తారు కూడా, మిగతావాళ్లకు చెప్పొద్దు అంటారు. అందరూ పోతే అందరిదీ సరిచేసే అవకాశం ఉంది, కానీ మొత్తం పెద్దదయి "వచ్చే ఏడాది చూస్తాం" అనే జవాబుకు కూడా అంతే అవకాశం ఉంది.

ఫిట్టర్_మామ
అందుకే యూనియన్ అనేది ఉంటాది.

ల్యాబ్_సి_షిఫ్ట్
మా ల్యాబ్‌లో ఇంకా ఇద్దరు ఉండారు, ఒకాయనకు పన్నెండేండ్లు. నేను ఒక్కణ్ణే పెంచుకుంటే ఆయన ముఖం ఎట్ల చూడల్ల? అది ఆలోచిస్తాండా. ఇంకోటి మేడమ్, ఎప్పుడు ఇయ్యల్ల లెటర్? మాకు ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ లెటర్లు వస్తాయి, అప్పుడు అడుగుదామనుకున్నా.

సీమ_హెచ్చార్
ఏప్రిల్‌లో అడిగితే లేటు. లెటర్ నీ చేతికి వచ్చేసరికి డబ్బులన్నీ పంచేసి ఉంటారు, నీ మేనేజర్ తలచుకున్నా చేయలేడు. మా దగ్గర డిసెంబర్, జనవరిలో డిపార్ట్‌మెంట్ హెడ్‌లు లిస్టులు ఇస్తారు, ఫిబ్రవరిలో ఫైనాన్స్‌తో కూర్చుంటాం. మీది కూడా దగ్గరదగ్గర అట్లే ఉంటుంది. సంక్రాంతి లోపల నీ ల్యాబ్ హెడ్‌కు ముందు నోటితో చెప్పు, ఆయన సరే అంటే ఆయన ద్వారానే లెటర్ పంపించు. నేరుగా హెచ్చార్‌కు పోతే ఆయనకు కోపం వస్తుంది, మాకూ ఆయన రికమెండేషన్ లేకుండా చేసేది ఏమీ ఉండదు.

ల్యాబ్_సి_షిఫ్ట్
ఈ రోజు జనరల్ షిఫ్ట్‌లో హెడ్‌తో మాట్లాడినా. ఆయన ముందు "అంకె నీకెవరు చెప్పినారు" అన్నాడు, నేను ఎవరి అంకే చెప్పలే సార్, యాడ్‌లు చూపిస్తాండా అన్నా. కొంచేపు ఏం మాట్లాడలే. తర్వాత సొరుగులో నుంచి పాత డైరీ తీసి నా పేరు, ఆ పన్నెండేండ్ల ఆయన పేరు రాసుకున్నాడు, నేను అడగకముందే. "నీకు మూడు వరకు అడుగుతా, ఐదు అంటే పైన ఒప్పుకోరు" అన్నాడు. ఆర్‌డీఎఫ్ టెస్టింగ్‌కు వచ్చే నెల నుంచి నన్ను కూడా వేస్తానన్నాడు. మూడుకు సరే అనల్నా, ఐదు మీద ఉండల్నా?

పెన్నా_ఒడ్డు
ఐదు. మూడు అంటే కొత్తాయన వచ్చే ఇంక్రిమెంట్‌లోనే రెండు పైన లాగేస్తాడు.

బేతంచర్ల_బండలు
మూడు తీసుకో. చేతికొచ్చింది వదలొద్దు.

సీమ_హెచ్చార్
మూడు ఇప్పుడు, రెండు అక్టోబర్‌లో అని అడుగు, ఆర్‌డీఎఫ్ నేర్చుకున్నాక అని కారణం పెట్టు. ఈ మూడు కరెక్షన్ అని, మామూలు ఇంక్రిమెంట్ దీనికి పైన అని ఆయన నోట అనిపించు. ఈ రోజు మాట్లాడినవన్నీ చిన్న మెయిల్‌గా ఆయనకే పంపు, "మీరు చెప్పినట్టు" అని మొదలుపెట్టి. ఫిబ్రవరిలో ఆయన డైరీ ఎవరూ తెరవరు, మెయిల్ అయితే ఫార్వర్డ్ చేస్తాడు.

తాడిపత్రి_తమ్ముడు
మెయిల్‌లో మా పేర్లు వేయొద్దన్నా, ముఖ్యంగా మేడమ్‌ది 😄

ల్యాబ్_సి_షిఫ్ట్
మెయిల్ రాస్తాండా. పన్నెండేండ్ల ఆయన పేరు కూడా దాంట్లో పెట్టల్నా, ఆయన్నే వేరేగా పంపమనల్నా?